ఇంట్లో ఫోన్‌తో వాయిస్ ఓవర్: చెన్నై ఫ్లాట్లలో ఉండేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నంగనల్లూరులో, రెండో అంతస్తులో, ఒకే బెడ్‌రూమ్ ఉన్న ఫ్లాట్‌లో ఉంటాను. తెలుగు పాఠాలకు, పిల్లల కథలకు ఇంటి నుంచే గొంతు ఇస్తాను. మొదటి రెండేళ్ళు నా దగ్గర ఫోన్ తప్ప వేరే మైకు లేదు. ఈ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళు, ముఖ్యంగా కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్ళు, నన్ను అడిగే ప్రశ్నలను ఒకచోట చేర్చి రాస్తున్నాను.

ఫోన్ మైకు సరిపోతుందా? ముందే మంచి మైకు కొనుక్కోవాలా?

సరిపోతుంది. నా మొదటి కథ తిరిగి వచ్చేసింది. పన్నెండు నిమిషాల పిల్లల కథ. హాల్లో సోఫా మీద కూర్చుని, ఫోన్ టీపాయ్ మీద పెట్టి, ఫ్యాన్ రెండో నంబరులో ఉంచి చదివాను. "గొంతు బాగుంది, కానీ గది వినిపిస్తోంది" అని పని ఇచ్చినవాళ్ళు రాసి పంపారు. చాలా రోజులు అది ఫోన్ తప్పే అనుకున్నాను. తర్వాత అదే ఫోన్‌తో, అదే కథను, బెడ్‌రూమ్‌లో దగ్గరగా చదివి పంపితే తీసుకున్నారు. ఆ రెండు రికార్డింగుల మధ్య మారినవి మూడే: గది, దూరం, ఫ్యాన్.

హాల్లో ఖరీదైన మైకు పెట్టినా హాలు హాలే. పైగా సున్నితమైన స్టూడియో మైకు ఆ ఫ్యాన్‌నీ, ఆ గోడల మోతనీ ఇంకా శుభ్రంగా పట్టుకుంటుంది. ముందు ఫోన్‌తో గదిని సరిచేసుకోండి. మైకు సంగతి ఆ తర్వాత.

ఏ గదిలో రికార్డు చేయాలి?

ఇంట్లో ప్రతి గదిలోనూ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. "టప్" అని ఆగిపోతే మంచి గది. "టప్" తర్వాత సన్నగా "ట్రింగ్" అని లోహం మోగినట్టు వినిపిస్తే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా అటూ ఇటూ కొట్టుకుంటోందని అర్థం. మన ఫ్లాట్లలో కింద నున్నటి టైల్స్, గోడలకు పుట్టీ, అద్దాల కిటికీలు. శబ్దాన్ని పీల్చుకునేది ఏమీ లేదు. అందుకే హాలు, వంటిల్లు, బాత్‌రూమ్ మోగుతాయి.

బెడ్‌రూమ్ దాదాపు ఎప్పుడూ నయమే. పరుపు, దిండ్లు, బట్టలు అక్కడే ఉంటాయి. ఆ గదిలో కూడా ఎక్కడ నిలబడ్డారన్నది ముఖ్యం. నట్టనడుమ వద్దు, గోడకు ఆనుకుని వద్దు. నేను గోడలోని చెక్క కప్‌బోర్డు తలుపులు బార్లా తీసి, వేలాడే చీరలు, చొక్కాలకు ఎదురుగా నిలబడతాను. ఫోన్ నాకూ బట్టలకూ మధ్య ఉంటుంది. నా గొంతు ఫోన్‌ను దాటి నేరుగా బట్టల్లోకి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. ఇనప బీరువా అయితే మాత్రం దానికి ఎదురుగా నిలబడొద్దు. తలుపు మూసి ఉంటే అద్దంలా శబ్దాన్ని తిప్పికొడుతుంది. ఒక్కోసారి లావు గొంతుకు రేకు తానే మోగుతుంది కూడా.

ఎదుట బట్టలుంటే సగం పని అయినట్టు. మిగతా సగం మన వెనక. ఫోన్ మైకు అన్ని వైపుల నుంచీ వింటుంది, కాబట్టి మన వీపు వెనక గోడ నుంచి తిరిగొచ్చేది కూడా దానికి చేరుతుంది. నేను బట్టలారేసే స్టాండు వెనక పెట్టి, దాని మీద అమ్మ కుట్టిన బొంత మడత పెట్టి వేస్తాను. పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంత కంటే ఈ పనికి మంచిది ఇంట్లో దొరకదు. పల్చటి దుప్పటి ఒక్కటీ వేస్తే పై మోత, అంటే సన్నటి శబ్దం, తగ్గుతుందే కానీ కింది మోత, అంటే లావు శబ్దం, అలాగే ఉంటుంది. మందం ఉండాలి. బొంతను గోడకు అంటించకుండా ఒక జానెడు ముందుకు వేలాడదీస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

మరీ చిన్న గది, స్టోర్‌రూమ్ లాంటిది, ఇంకా మంచిది కదా?

కాదు. చిన్న గదిలో గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు వస్తుంది. బట్టలు పై మోతను పీల్చేస్తాయి, కింది గుంయ్‌మనే మోత మిగిలిపోతుంది. మామూలు బెడ్‌రూమ్‌లో బట్టల ముందు నిలబడడమే మేలు.

గోడలకు ఫోమ్ అంటిస్తే, గుడ్ల ట్రేలు పెడితే బయటి శబ్దం ఆగుతుందా?

ఆగదు. ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. గది లోపల మోత తగ్గించడం వేరు, బయటి శబ్దం లోపలికి రాకుండా చేయడం వేరు. ఫోమ్ మొదటి పని కొంత చేస్తుంది, రెండోది చేయదు. గుడ్ల ట్రేలు రెండూ చేయవు. బయటి శబ్దం సందుల్లోంచి వస్తుంది. తలుపు కింది సందులో తడి కాని పాత టవలు చుట్టి పెట్టండి, కిటికీ రెక్కలు పూర్తిగా జరిపి గడియ వేయండి. ఖర్చు లేకుండా వచ్చే తేడా అదే.

ఫోన్‌లో మైకు ఎక్కడ ఉంటుంది? స్క్రీన్ వైపు చూస్తూ మాట్లాడితే చాలా?

చాలా ఫోన్లలో ముఖ్యమైన మైకు కింది అంచున, చార్జింగ్ పెట్టే చోటు పక్కన చిన్న రంధ్రంగా ఉంటుంది. పై అంచునో, కెమెరా దగ్గరో ఇంకొకటి ఉంటుంది. రికార్డింగ్ యాప్‌లో ఏది పనిచేస్తోందో తెలుసుకోవాలంటే, రికార్డు ఆన్ చేసి ఒక్కో రంధ్రం పక్కన గోటితో మెల్లగా గీకండి. ఏ గీత గట్టిగా వినిపిస్తే అదే మీ మైకు. దాన్ని నోటి వైపు తిప్పాలి. నేను ఫోన్‌ను స్టాండులో తలకిందులుగా పెడతాను, అప్పుడు కింది మైకు పైకి, నోటి ఎత్తుకు వస్తుంది. కేసు వల్ల ఆ రంధ్రం కొంచెమైనా మూసుకుపోతోందేమో చూసి, అనుమానం ఉంటే కేసు తీసేయండి. పాత ఫోన్లలో ఆ రంధ్రంలో దుమ్ము చేరి గొంతు మబ్బుగా వస్తుంది. మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన దులపండి, పిన్నీసు పెట్టి పొడవొద్దు.

నోటికి ఎంత దూరంలో పెట్టాలి?

రెండు బెత్తెలు. నాలుగు వేళ్ళ వెడల్పు ఒక బెత్తెడు, దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు. రెండు బెత్తెలంటే 15 సెంటీమీటర్లు. గొంతు గట్టిగా ఉన్నవాళ్ళు జానెడు, అంటే 20 సెంటీమీటర్ల దాకా జరగొచ్చు. అంతకు మించి వద్దు.

ఎందుకో చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేది ఇదే. నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం దూరం సగమైతే సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కానీ గది మోత, ఫ్యాన్ శబ్దం, వీధి శబ్దం మీరు ఫోన్‌ను కొంచెం జరిపినంత మాత్రాన మారవు, గదంతా దాదాపు ఒకేలా నిండి ఉంటాయి. అంటే దగ్గరికి వచ్చిన ప్రతిసారీ గొంతు పెరుగుతుంది, గది ఉన్నచోటే ఉంటుంది.

నా మొదటి కథలో ఫోన్ టీపాయ్ మీద మూరెడు దూరంలో ఉంది, 45 సెంటీమీటర్లు. రికార్డింగులో సున్నా అన్నిటికన్నా పై స్థాయి, శబ్దం తగ్గేకొద్దీ అంకె మైనస్‌లో కిందికి దిగుతుంది. మాట్లాడే చోట సగటు -26 డెసిబెల్స్, ఊరుకున్న చోట -42. మధ్యలో తేడా 16 మాత్రమే. బెడ్‌రూమ్‌లో 15 సెంటీమీటర్లకు వచ్చాను, దూరం మూడో వంతయింది, గొంతు తొమ్మిది, తొమ్మిదిన్నర డెసిబెల్స్ పెరిగి -17 దగ్గరికి చేరింది. ఫ్యాన్ ఆపడంతో ఊరుకున్న చోటు -58కి దిగింది. తేడా 41. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

తెలుగులో చదివేవాళ్ళకు ఈ తేడా ఇంకో కారణంగా కూడా కావాలి. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, గొంతు కూడా అక్కడే దిగుతుంది. "రాజు ఆ రాత్రే కోట వదిలి వెళ్ళిపోయాడు" అన్నప్పుడు అసలు సంగతి "వెళ్ళిపోయాడు"లో ఉంది, కానీ అది నెమ్మదిగా పలుకుతాం. వెనక ఫ్యాన్ ఉంటే ముందు ఆ చివరి మాటే మునిగిపోతుంది. మీ రికార్డింగ్ వినేటప్పుడు వాక్యాల మొదళ్ళు కాదు, చివర్లు వినండి.

ఇంకా దగ్గరగా, ఒక బెత్తెడులో పెడితే ఇంకా మంచిది కదా? ప, ఫ, భ దగ్గర "బొప్" అని కొడుతోంది.

అందుకే రెండు బెత్తెల దగ్గర ఆగమన్నాను. ప, ఫ, బ, భ పలికేటప్పుడు నోట్లోంచి గాలి ముద్దగా బయటికి వస్తుంది. అది మైకుకు తగిలితే ఆ దెబ్బ పడుతుంది. తర్వాత ఎంత సరిచేసినా పూర్తిగా పోదు. అరచేతిని నోటి ముందు పెట్టి "భయపడి పారిపోయిన పెద్దపులి" అనండి, గాలి ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఆ గాలి నేరుగా ముందుకే పోతుంది, శబ్దం మాత్రం అన్ని వైపులా పోతుంది. కాబట్టి ఫోన్‌ను నోటికి సూటిగా కాకుండా, పెదవుల చివర దగ్గరగా, కొంచెం పక్కకు పెట్టండి. దూరం అదే రెండు బెత్తెలు, గాలి మాత్రం పక్క నుంచి పోతుంది. స, శ మరీ "స్‌స్‌" అని కోస్తున్నా ఇదే మందు.

ఫోన్ చేత్తో పట్టుకోవచ్చా? టేబుల్ మీద పెడితే?

చేత్తో వద్దు. వేలు కదిలిన ప్రతిసారీ గరగర పడుతుంది, మూడో నిమిషానికి చెయ్యి దిగి దూరం మారిపోతుంది. ఉత్త టేబుల్ మీదా వద్దు, బల్ల నుంచి తిరిగొచ్చే శబ్దం గొంతుతో కలిసి బోలుగా వినిపిస్తుంది. చిన్న మొబైల్ స్టాండు చాలు, దాని కాళ్ళ కింద మడతపెట్టిన టవలు వేయండి. గాజులు, వాచీ తీసేసి, గరగరలాడని నూలు బట్టలు వేసుకోండి. కాగితం తిప్పితే వినిపిస్తుంది, అందుకని స్క్రిప్టు ఇంకో ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో కంటి ఎత్తులో ఉంచుకోండి.

ఫ్యాన్ ఆపాలంటున్నారు. చెన్నైలో మే నెలలో అది కుదిరే పనేనా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, నిజంగా కష్టమే. కానీ ఫ్యాన్ ఆపక తప్పదు. ఫ్యాన్ శబ్దం ఒక్కచోట ఉండే "హమ్" కాదు, కింది నుంచి పై దాకా పరుచుకుని ఉంటుంది. హ, స, శ లాంటి గాలి అక్షరాలు కూడా సరిగ్గా అక్కడే ఉంటాయి. తర్వాత కంప్యూటర్‌లో ఫ్యాన్‌ను తీసేయబోతే ఆ అక్షరాలు కూడా కొంత పోతాయి, గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు తయారవుతుంది. గాలి మైకు మీదికి వస్తే ఇంకా నష్టం.

ఏసీ ఉంటే నా పద్ధతి ఇది. రికార్డింగుకు అరగంట ముందు తలుపులు మూసి 23 మీద ఏసీ వేస్తాను. పరుపు, బట్టలు కూడా చల్లబడాలి, అవే తర్వాత గదిని కాసేపు చల్లగా ఉంచుతాయి. ఏసీ ఆపాక వెంటనే మొదలుపెట్టను. లోపలి ప్లాస్టిక్ సర్దుకుంటూ రెండు మూడు నిమిషాలు "టిక్ టిక్" అంటుంది, అది ఆగేదాకా నీళ్ళు తాగుతూ స్క్రిప్టు చూసుకుంటాను. తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు హాయిగా చదవొచ్చు. చెమట పట్టడం మొదలైతే ఆపేస్తాను, ఎందుకంటే ఇబ్బంది గొంతులో తెలుస్తుంది, చదివే వేగం పెరిగిపోతుంది. మళ్ళీ ఏసీ, మళ్ళీ చదువు. మేలో పన్నెండు నిమిషాల కథకు రెండు విడతలు పడుతుంది, డిసెంబరులో ఒక్కటే.

ఏసీ లేకపోతే పేరా పేరాగా చదవండి. నాలుగు నిమిషాలు ఫ్యాన్ ఆపి చదివి, మళ్ళీ ఫ్యాన్ వేసుకుని సేద తీరండి. విడతల మధ్య గొంతు మారకుండా ఉండాలంటే మీ కాళ్ళు ఉన్నచోట, స్టాండు కాళ్ళు ఉన్నచోట నేల మీద టేపు ముక్కలు అంటించండి. ప్రతి విడత ముందూ కిందటి విడతలోని చివరి రెండు వాక్యాలు విని, అదే స్థాయిలో మొదలుపెట్టండి. నేను ఇది చేయని రోజుల్లో ఒకే కథలో ఇద్దరు మనుషులు చదివినట్టు వచ్చేది.

ఫ్రిజ్ బెడ్‌రూమ్ గోడకు అవతలే ఉంటే దాన్నీ ఆపాల్సి రావచ్చు. ఆపినప్పుడు బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి వెళ్ళేటప్పుడు తాళం కోసం ఫ్రిజ్ తెరుస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తుంది.

విమానాలు, మోటార్లు, కుక్కలు, కోకిలలు. వీటిని ఏం చేయాలి?

మా నంగనల్లూరు, పళవంతాంగల్, మీనంబాక్కం వైపు విమానం శబ్దం తప్పదు. వచ్చిపోతూ పెరిగి తరిగే శబ్దం కాబట్టి దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. దూరంగా వినిపించగానే వాక్యం మధ్యలో ఉన్నా ఆగిపోవాలి. రికార్డింగ్ మాత్రం ఆపొద్దు. శబ్దం పూర్తిగా పోయాక ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి చదవండి. తర్వాత కత్తిరించేటప్పుడు ఆ చప్పట్లు తెర మీద నిటారుగా గీతలా కనిపిస్తుంది, ఎక్కడ కోయాలో వెతుక్కోనక్కర్లేదు.

మిగతా వాటికి వేళ చూసుకోవడమే దారి. నేను ఒక వారం పాటు మెలకువగా ఉన్న ప్రతి గంటా ముప్పై సెకన్లు ఖాళీ గదిని రికార్డు చేసి, ఒక పుస్తకంలో రాసుకున్నాను. తెల్లవారుజాము ప్రశాంతం అనుకునేవాణ్ణి, కానీ మా వీధిలో అది కోకిలల వేళ, ఆ కూత సరిగ్గా గొంతు ఉన్న చోటే పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా అందరి ఇళ్ళలో సంపు మోటార్లు, కుక్కర్ విజిల్స్. మా వీధికి మంచి వేళలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి పదిన్నర తర్వాత. మీ వీధి లెక్క వేరుగా ఉంటుంది, రాసుకుంటేనే తెలుస్తుంది. మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ను అడిగితే చెప్తారు. ఫలానా గంట రికార్డింగ్ ఉందంటే మా వాచ్‌మన్ అన్న అరగంట ఆగి వేస్తారు.

ఏ యాప్ వాడాలి? ఏ సెట్టింగ్స్?

యాప్ పేరు కంటే రెండు విషయాలు ముఖ్యం. ఒకటి, WAV లో, అంటే కుదించని ఫైలుగా రికార్డు చేయగలగాలి, 44100 లేదా 48000 హెర్ట్జ్, మోనో. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో WAV ఉండదు, దాని బదులు సెట్టింగ్స్‌లో Audio Quality ని Lossless చేయండి. రెండోది, శబ్దం స్థాయిని దానంతట అదే పెంచే, తగ్గించే ఏర్పాటు ఆపగలగాలి. ఆ ఏర్పాటు ఆన్‌లో ఉంటే మీరు ఊరుకోగానే ఫోన్ "గొంతు తగ్గింది" అనుకుని అన్నీ పెంచుతుంది, గది శబ్దం మెల్లగా పైకి లేస్తుంది, మళ్ళీ మాట్లాడగానే టక్కున పడిపోతుంది. ఐదు సెకన్లు మాట్లాడి, పది సెకన్లు ఊరుకుని, మళ్ళీ మాట్లాడి వినండి. ఊరుకున్న చోట వెనక శబ్దం ఉబ్బుతుంటే ఆ యాప్ మార్చండి. కొన్ని ఆండ్రాయిడ్ యాప్‌లలో మైకు ఎంచుకునే చోట Unprocessed అని ఉంటుంది. మీ ఫోన్ దానికి ఒప్పుకుంటే అదే ఎంచుకోండి.

రికార్డు చేసేముందు ఫ్లైట్ మోడ్ వేయండి, చార్జర్ తీసేయండి. స్థాయి చూపించే యాప్ అయితే గట్టి మాటలు -12, -6 మధ్య తాకాలి. సున్నాను తాకితే ఆ మాట పగిలిపోతుంది, దానికి మందు లేదు.

ఇయర్‌ఫోన్ మైకు వాడొచ్చా?

బ్లూటూత్ వద్దు, మాట్లాడే మైకుగా వాడినప్పుడు చాలావాటిలో శబ్దం ఫోన్ కాల్ నాణ్యతకు పడిపోతుంది. వైరు ఇయర్‌ఫోన్ మైకు బట్టలకు రాసుకుంటుంది. ఇయర్‌ఫోన్లు రికార్డు చేసింది వినడానికి వాడండి, దానికి మాత్రం తప్పనిసరి.

నా రికార్డింగ్ శుభ్రంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రతి రికార్డింగ్ మొదట్లో పది సెకన్లు కదలకుండా ఊరుకోండి. ఆ ఖాళీ తర్వాత చాలా పనికొస్తుంది. ఫైలును కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఆ ఖాళీ భాగం ఎంచుకుని `Analyze > Measure RMS` నొక్కండి, అది సగటు స్థాయి చూపిస్తుంది. తర్వాత ఒక పేరా ఎంచుకుని అదే చేయండి. రెండింటి మధ్య 40 డెసిబెల్స్ తేడా ఉంటే ధైర్యంగా ముందుకెళ్ళండి. 30 ఉంటే కొంచెం శుభ్రం చేసి వాడొచ్చు. 20 ఉంటే మళ్ళీ చదవడమే, శుభ్రం చేస్తూ కూర్చుంటే రెండింతల సమయం పడుతుంది. ఆడియో పుస్తకాలకు ఖాళీ చోటు -60 కంటే కింద ఉండాలని అడుగుతారు. ఫోన్‌తో -55 దాకా మామూలుగానే వస్తుంది, మిగతా ఐదు శుభ్రం చేయడంలో వస్తాయి.

ఈ లెక్క గది మోతను పట్టదు, అది చెవితోనే తెలియాలి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వాక్యం ఆగిన మరుక్షణం మాట తోక మిగిలిందా, టక్కున ఆగిందా వినండి.

శుభ్రం చేయడం ఎలా? నాయిస్ రిడక్షన్ ఎంత పెట్టాలి?

ముందు, లావు శబ్దాలను కోసేసే `High-Pass Filter`, మగ గొంతుకు 80 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని అడుగు హమ్, పై ఇంటి ఫ్యాన్ గుడగుడ, దూరపు లారీలు చాలావరకు అక్కడే పోతాయి. మనకు కావలసిన మాట అంత కింద ఉండదు. నా మొదటి కథ రెండో రికార్డింగులో ఇది ఒక్కటే వేస్తే -58 కాస్తా -63 అయింది.

అప్పటికీ సన్నగా "ష్‌ష్" మిగిలితే, మొదటి పది సెకన్ల ఖాళీని ఎంచుకుని `Noise Reduction` లో `Get Noise Profile` నొక్కి, తర్వాత మొత్తం ఎంచుకుని 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గించండి. చాలకపోతే 9. కొత్తలో నేను 24 పెట్టేవాణ్ణి, ఖాళీలు నల్లగా నిశ్శబ్దంగా వచ్చేవి, కానీ "సముద్రం", "సంతోషం" లాంటి మాటల్లో స మాయమై, కీచుమని గంటలు మోగినట్టు ఉండేది. 9తో పని కాలేదంటే తప్పు గదిలోనో దూరంలోనో ఉంది, మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

ఫైల్ వాట్సాప్‌లో పంపొచ్చా?

వాయిస్ మెసేజ్‌గా వద్దు, అది బాగా కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా జతచేసి పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. 44100 హెర్ట్జ్, 16 బిట్ మోనో WAV నిమిషానికి 5 ఎంబీ పైన ఉంటుంది, పన్నెండు నిమిషాల కథ 63 ఎంబీ దాకా వస్తుంది. శుభ్రం చేయని అసలు ఫైలును కూడా మీ దగ్గర విడిగా దాచుకోండి, ఏదో ఒక వాక్యం మళ్ళీ చదవమని అడిగినప్పుడు పాత గొంతుతో పోల్చుకోవడానికి అదే కావాలి.